హార్ట్ ఫెయిల్యూర్ కాన్సెప్ట్ మ్యాప్: వెనక నిలవ, ముందు కొరత, మధ్యలో తిరిగొచ్చే బాణం

ప్రశ్న: "బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ మీద కాన్సెప్ట్ మ్యాప్ వేయమన్నారు. పాథోఫిజియాలజీ, లక్షణాలు, నర్సింగ్ ప్రయారిటీలు, ఎక్స్‌పెక్టెడ్ అవుట్‌కమ్స్ అన్నీ బాక్సుల్లో రాసి బాణాలు కలిపాను. మేడమ్ చూసి 'ఇది మ్యాప్ కాదు, లిస్టు' అని వెనక్కి ఇచ్చేశారు. అసలు వీటిని ఎలా కలపాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

జబ్బు పేరుతో కాకుండా, మీ పేషెంట్‌లో మీరు కళ్ళారా చూసిన గుర్తులతో మొదలుపెట్టండి. కాగితం మధ్యలో బలహీనపడిన ఎడమ జఠరికను పెట్టండి. దాని నుంచి రెండు దారులు గీయండి. ఒకటి వెనక్కి వెళ్తుంది, అక్కడ రక్తం నిలిచిపోతుంది. రెండోది ముందుకు వెళ్తుంది, అక్కడ రక్తం చాలదు. ఈ రెంటినీ సర్దడానికి శరీరం చేసే ప్రయత్నం మూడో దారి. అది మళ్ళీ మధ్య బాక్సులోకే వచ్చి గుండెను ఇంకా కుంగదీస్తుంది. ప్రతి బాణం మీద ఒక క్రియ రాయండి: పెంచుతుంది, తగ్గిస్తుంది, అడ్డుకుంటుంది, లీక్ చేస్తుంది. క్రియ రాయలేకపోతే ఆ బాణం మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట. ఇక ప్రతి అవుట్‌కమ్ ఏ గుర్తు నుంచి బయలుదేరిందో ఆ గుర్తు దగ్గరికే తిరిగి చేరాలి.

మీది లిస్టులా కనిపించడానికి కారణం బహుశా ఇదే. "హార్ట్ ఫెయిల్యూర్" నుంచి పన్నెండు లక్షణాలకు పన్నెండు బాణాలు నేరుగా వెళ్ళి ఉంటాయి. ఆయాసానికీ కాళ్ళ వాపుకీ చల్లటి పాదాలకీ మధ్య దారి ఏమిటో కాగితం చెప్పలేదు. దారి చెప్పని మ్యాప్‌లో నర్సింగ్ పని ఎక్కడ తగులుతుందో కూడా కనిపించదు.

కార్డియాక్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాక ఇప్పుడు విద్యార్థులకు చెబుతున్నాను. క్లాసులో నేను వాడే కేసునే ఇక్కడ వేసి చూపిస్తాను.

పేషెంట్. వయసు 64. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వచ్చింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం. మోకాళ్ళ నొప్పికని పది రోజులుగా సొంతంగా డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నారు. ఆ పది రోజుల్లో బరువు 68 నుంచి 72.5 కిలోలకు పెరిగింది. మూడు రాత్రులు మూడు దిండ్లు పెట్టుకుని పడుకున్నారు, నిన్న రాత్రి కుర్చీలోనే కూర్చుండిపోయారు. వార్డుకు వచ్చేసరికి శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ సాచురేషన్ 88 శాతం, పల్స్ 114, బీపీ 104/84. రెండు వైపులా ఊపిరితిత్తుల మధ్య భాగం వరకు క్రాకిల్స్. మెడ సిర ఉబ్బి ఉంది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది, పాదాలు చల్లగా ఉన్నాయి. రాత్రి నుంచి మూత్రం చాలా తక్కువ. పొటాషియం 3.6, క్రియాటినిన్ 1.6.

వీటిలో ఒక్కోదాన్ని ఒక్కో చిన్న చీటీ మీద రాయండి. పెన్సిల్ పట్టేముందు టేబుల్ మీద చీటీల్ని మూడు కుప్పలుగా వేయండి: వెనక నిలవ, ముందు కొరత, శరీరం సర్దుబాటు. అసలు ఆలోచన అంతా ఈ పావుగంటలోనే జరుగుతుంది.

ఆయాసం, క్రాకిల్స్, మెడ సిర వెనక కుప్పలో పడతాయి. చల్లటి పాదాలు, తగ్గిన మూత్రం ముందు కుప్పలో. పల్స్ 114 ఎక్కడ? దాదాపు అందరూ దాన్ని లక్షణాల వరుసలో పెట్టేస్తారు. అది సర్దుబాటు. ఒక్కో కొట్టుకు వెళ్ళే రక్తం తగ్గింది కాబట్టి కొట్ల సంఖ్య పెంచి లెక్క సరిపెట్టాలని శరీరం చూస్తోంది. మరి పెరిగిన నాలుగున్నర కిలోలు? ఇక్కడ కాస్త ఆగండి. గుండె నీటిని తయారుచేయదు. ఆ నీటిని ఆపింది కిడ్నీ. అందుకే వాపుకు వెళ్ళే బాణం గుండె నుంచి నేరుగా వెళ్ళకూడదు, కిడ్నీ మీదుగా వెళ్ళాలి. ఈ ఒక్క మలుపు సరిగ్గా వేసిన మ్యాప్‌లో మిగతావి చాలావరకు వాటంతట అవే కుదురుకుంటాయి.

వెనక దారి. ఎడమ జఠరిక పూర్తిగా ఖాళీ కాదు → లోపల మిగిలిన రక్తం ఒత్తిడిని పెంచుతుంది → ఆ ఒత్తిడి ఎడమ కర్ణికకూ, అక్కడి నుంచి ఊపిరితిత్తుల సిరలకూ పాకుతుంది → కేశనాళికల నుంచి నీటిని బయటికి నెడుతుంది → ఆ నీరు గాలి గదులకూ రక్తానికీ మధ్య చేరి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది → సాచురేషన్ 88. ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఒత్తిడి మామూలుగా 12 లోపు ఉంటుంది. 18 దాటితే నీరు కణజాలంలోకి చేరడం మొదలవుతుంది, సుమారు 25 దాటితే గాలి గదుల్లోకే దిగుతుంది. ఇవి ఉన్నట్టుండి ఒత్తిడి పెరిగినవాళ్ళ లెక్కలు. ఏళ్ళ తరబడి హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో లింఫు నాళాలు అదనపు నీటిని లాగేయడం అలవాటు చేసుకుంటాయి. ఒత్తిడి బాగా పెరిగినా వాళ్ళ ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించవచ్చు. క్రాకిల్స్ లేవు కాబట్టి నిలవ లేదని మ్యాప్‌లో రాయకండి.

ఈ దారిలోంచి ఒక కొమ్మ తీయండి: పడుకుంటే ఆయాసం. వెల్లకిలా పడుకోగానే కాళ్ళలో, పొట్టలో ఆగి ఉన్న రక్తం ఛాతీ వైపు తిరిగొస్తుంది. కుడి జఠరిక దాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది, ఎడమ జఠరిక ముందుకు పంపలేకపోతుంది. అందుకే ఆయన కుర్చీ వదల్లేదు. "కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడేలా ఉంచడం" అనే మీ నర్సింగ్ పని సరిగ్గా ఈ బాణం మీద వాలుతుంది. దాన్ని అక్కడే రాయండి, పేజీ కింద ఇంటర్వెన్షన్ల పెట్టెలో కాదు. రోగిని అడిగేటప్పుడు "ఆయాసంగా ఉందా" అనకండి, "ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు" అని అడగండి. మొదటిదానికి అవును, కాదు అని జవాబొస్తుంది. రెండోదానికి ఒక అంకె వస్తుంది, రేపు మళ్ళీ పోల్చుకోవచ్చు.

కుడి వైపు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో పెరిగిన ఒత్తిడి కుడి జఠరిక మీద భారం పెంచుతుంది, అది అలసిపోతే మెడ సిర ఉబ్బుతుంది, కాలేయం పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి. ఎడమ, కుడి అని రెండు వేర్వేరు మ్యాపులు వేయకుండా ఒకే దారిగా కొనసాగించండి.

ముందు దారి. ఒక్కో కొట్టుకు బయటికెళ్ళే రక్తం తగ్గింది. చర్మానికి అందక పాదాలు చల్లబడ్డాయి, కిడ్నీకి అందక మూత్రం తగ్గింది. ఇంకొక గుర్తు కళ్ళ ముందే ఉంటుంది గానీ చాలామంది దాటేస్తారు. బీపీ 104/84 చూసి "పైది వందకు పైనే ఉంది, ఫర్వాలేదు" అనుకుంటారు. పైదానికీ కిందదానికీ తేడా చూడండి: 20. ఆ తేడా పై అంకెలో నాలుగో వంతు కన్నా తక్కువుంటే గుండె బయటికి పంపే రక్తం బాగా తగ్గిందని అనుమానించాలి. 104లో నాలుగో వంతు 26, ఈయనకు 20 మాత్రమే. పై అంకె పెరగలేకపోతోంది, రక్తనాళాలు బిగుసుకుని కింది అంకెను ఎత్తి పట్టుకున్నాయి. ఈ ఒక్క చీటీ ముందు దారిలోకీ సర్దుబాటు దారిలోకీ రెండు బాణాలు ఇస్తుంది.

తిరిగొచ్చే దారి. దీన్ని వేరే రంగులో గీయండి. రక్తం తగ్గిందని గ్రహించగానే సింపథెటిక్ వ్యవస్థ పల్స్ పెంచుతుంది, రక్తనాళాల్ని బిగిస్తుంది. బిగిసిన నాళాల్లోకి రక్తం నెట్టడం బలహీనమైన జఠరికకు ఇంకా కష్టం. పల్స్ పెరిగితే గుండె సడలే సమయం తగ్గుతుంది, కరోనరీ నాళాల్లో రక్తం ఎక్కువగా నిండేది ఆ సమయంలోనే. ఇటు కిడ్నీ తనకు రక్తం అందడం లేదని రెనిన్ విడుదల చేస్తుంది. అది యాంజియోటెన్సిన్‌నీ, దాని ద్వారా ఆల్డోస్టెరాన్‌నీ పెంచుతుంది, ఉప్పూ నీరూ ఆగిపోతాయి. ఆ నీరు వెనక నిలవలోకే చేరుతుంది. రెండు బాణాలూ చివరికి మధ్య బాక్సులోకి తిరిగి గుచ్చుకోవాలి. తిరిగొచ్చే బాణం లేని మ్యాప్‌లో ఈ జబ్బు ఎందుకు దిగజారుతూ పోతుందో కనిపించదు, డాక్టర్ రాసే మందుల్లో సగం ఎందుకున్నాయో కూడా అర్థం కాదు.

డైక్లోఫెనాక్ ఎక్కడ? కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆ మాత్ర వాటిని ఆపుతుంది. అసలే రక్తం తక్కువ అందుతున్న కిడ్నీకి ఇంకా తగ్గుతుంది, ఉప్పు ఆగుతుంది, ఫ్యూరోసెమైడ్ పని కూడా మందగిస్తుంది. ఒక చిన్న పెట్టె, అందులోంచి కిడ్నీ బాణం మీదికి "బిగిస్తుంది" అన్న క్రియ. అప్పటిదాకా ఎవరి మ్యాప్ అయినా కావచ్చు అనిపించే కాగితం అక్కడి నుంచి ఈయన మ్యాప్ అవుతుంది.

ప్రయారిటీలు ఎలా తేల్చాలి? ఏ బాణం ముందుగా ప్రాణం మీదికి తెస్తుందో చూడండి. ఈ పేషెంట్‌కు ఈ గంటలో నా వరుస: మొదట గ్యాస్ ఎక్స్ఛేంజ్ దెబ్బతినడం, తర్వాత కార్డియాక్ అవుట్‌పుట్ తగ్గడం, ఆ తర్వాత శరీరంలో నీరు ఎక్కువవడం. శ్రమ తట్టుకోలేకపోవడం, మందుల గురించి తెలియకపోవడం రేపటి పనులు. కొందరు టీచర్లు కార్డియాక్ అవుట్‌పుట్‌ను మొదట పెట్టమంటారు, మూలం అదే కదా అని. ఆ వాదనలో న్యాయముంది. కానీ మూలం వేరు, తొందర వేరు. సాచురేషన్ 88తో మాట పూర్తి చేయలేకపోతున్న మనిషి ముందు నేను శ్వాసకే మొదటి స్థానం ఇస్తాను. ఇదే మనిషికి రెండు గంటల తర్వాత పై బీపీ 90 కిందికి పడి, మాట తికమకగా వస్తే వరుస మారిపోతుంది. అందుకే మ్యాప్ మూలన తేదీ, సమయం రాయండి. వరుసను సమర్థించుకోవడానికి మీ దగ్గరున్న ఆధారం అదే.

ఇక్కడే ప్రమాదకరమైన ఒక తప్పు దొర్లుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు వేస్తారు: "మూత్రం తక్కువ → నీరు ఎక్కువ తాగించాలి". డీహైడ్రేషన్‌కు నేర్చుకున్న బాణాన్ని ఇక్కడికి తెచ్చి అతికించడం అది. ఈయన ఒంట్లో నాలుగున్నర కిలోల అదనపు నీరు ఉంది, అది కిడ్నీకి చేరడం లేదు, అంతే. బాణం మీద క్రియ రాసే అలవాటుంటే చెయ్యి అక్కడే ఆగుతుంది.

ఫ్యూరోసెమైడ్‌ను ఐవీ ద్వారా ఇమ్మని డాక్టర్ రాశారనుకోండి. అది కిడ్నీ బాణం మీద పనిచేస్తుంది. మామూలుగా ఐదు నిమిషాల్లో మొదలై, అరగంటకు పతాక స్థాయికి చేరి, రెండు గంటల పాటు ఉంటుంది. అందుకే మీ మూత్రం కొలత షిఫ్ట్ చివర ఒకసారి కాకుండా గంట గంటకూ ఉండాలి. నెమ్మదిగా ఎక్కించాలి, వేగంగా ఇస్తే వినికిడి దెబ్బతినే ప్రమాదముంది. ఈ మందు నుంచి కొత్త బాణం కూడా ఒకటి పుడుతుంది: మూత్రంతో పాటు పొటాషియం పోతుంది. ఇప్పుడే 3.6 ఉంది, ఇంకా పడితే గుండె లయ తప్పవచ్చు. చికిత్స పుట్టించే ప్రమాదాన్ని చుక్కల గీతతో వేయండి, దాని చివర "పొటాషియం, మానిటర్" అని రాయండి.

అవుట్‌కమ్స్. "రోగి సౌకర్యంగా ఉంటారు" అనేది అవుట్‌కమ్ కాదు, ఎవరూ దాన్ని కొలవలేరు. గుర్తు, అంకె, గడువు మూడూ ఉండాలి. ఈయనకు నేనైతే ఇలా రాస్తాను.

గంటలోపు: శ్వాస 24 లోపుకు రావాలి, సాచురేషన్ 92 లేదా పైన ఉండాలి, ఎంత ఆక్సిజన్ మీద అన్నదీ పక్కనే రాయాలి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి.

మొదటి ఆరు గంటల్లో: మూత్రం గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల పైన రావాలి. రాకపోతే బాణం "డాక్టర్‌కు తెలపాలి" అన్న పెట్టెకు వెళ్ళాలి. ఈ రెండో బాణాన్ని దాదాపు ఎవరూ వేయరు.

మర్నాడు ఉదయం: బరువు సుమారు ఒక కిలో తగ్గాలి. ఒక కిలో అంటే దాదాపు ఒక లీటరు నీరు. కానీ బరువు పడుతూ క్రియాటినిన్ ఎక్కుతూ పాదాలు ఇంకా చల్లబడుతుంటే దాన్ని విజయంగా లెక్కించకండి, ముందు దారి మూసుకుపోతోందేమో చూడాలి. బరువు రోజూ అదే మెషిన్ మీద, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అంతే బట్టలతో చూడాలి.

ఇంటికి వెళ్ళేలోపు: బరువు 68 దగ్గరికి రావాలి, ఒకటి రెండు దిండ్ల మీద రాత్రంతా పడుకోగలగాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలని, నొప్పి మాత్ర వేసుకునేముందు అడగాలని ఆయన తన మాటల్లో చెప్పగలగాలి. మనం చెప్పామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఆయన తిరిగి చెప్పాలి.

సాచురేషన్ పక్కన "ఎంత ఆక్సిజన్ మీద" అని పట్టుబట్టడానికి ఒక కారణముంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో దాదాపు ఇలాంటి పేషెంట్‌కే మాస్క్ పెట్టాక సాచురేషన్ 96కు వచ్చింది. చార్టులో గ్యాస్ ఎక్స్ఛేంజ్ మెరుగుపడిందని రాశాను. ఆయన అలసిపోయి పడుకుంటానంటే మంచం తల భాగం కిందికి దించాను. ఇరవై నిమిషాల్లో లేచి కూర్చుని మాస్క్ పీకేసుకుంటున్నారు, పెదాలు నల్లబడ్డాయి. సాచురేషన్ పెరిగింది ఆక్సిజన్ వల్ల. వెనక నిలవ అంగుళం కూడా కదల్లేదు, మూత్రం సంచిలో అప్పటికి వంద మిల్లీలీటర్లు కూడా లేవు. డ్యూటీ డాక్టర్ వచ్చి చికిత్స పెంచాక తేరుకున్నారు. నేను చూసింది దారి చివరి పెట్టెను మాత్రమే, దాని ముందున్న బాణాన్ని చూడలేదు. అప్పటి నుంచి గ్యాస్ ఎక్స్ఛేంజ్ అవుట్‌కమ్‌లో సాచురేషన్‌ను ఒంటరిగా రాయను. శ్వాస వేగం, మూత్రం, దిండ్ల సంఖ్య దాని పక్కనే ఉంటాయి.

ఈ మ్యాప్‌ను అందరికీ వాడలేరు. మీ పేషెంట్ ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 లేదా పైన ఉంటే మధ్య బాక్సు మారుతుంది. అక్కడ జఠరిక పిండడం బాగానే ఉంటుంది. అది గట్టిపడి సరిగ్గా సడలదు, తక్కువ రక్తంతోనే లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. వెనక దారి దాదాపు ఇదే. ముందు దారిలో "పిండలేదు" బదులు "నిండలేదు" అని రాయాలి. ఎకో రిపోర్ట్ చూడకుండా మధ్య బాక్సు నింపకండి.

పూర్తయ్యాక మ్యాప్‌ను వెనక నుంచి చదివి చూసుకోండి. ఒక అవుట్‌కమ్ మీద వేలు పెట్టి బాణాల వెంట వెనక్కి వెళ్ళండి: గంటకు 120 మిల్లీలీటర్ల మూత్రం, ఫ్యూరోసెమైడ్, కిడ్నీ ఆపిన ఉప్పు, రెనిన్, కిడ్నీకి అందని రక్తం, బలహీన జఠరిక. ఎక్కడైనా వేలు ఎగిరి పక్క పెట్టె మీదికి దూకాల్సి వస్తే అక్కడ ఒక బాణం తప్పిపోయింది. మీ మేడమ్ కూడా చాలావరకు అలాగే చూసి ఉంటారు.

మీ పేషెంట్ పేరు, వివరాలు లేకుండా గుర్తులు మాత్రం ఇక్కడ రాయండి. మీరు మూడు కుప్పలుగా ఎలా వేశారో చూసి, ఏ చీటీ ఎక్కడికి మారాలో చెబుతాను.